ఆదా లెక్కకు అరవయ్యేళ్ల మరమ్మతులు

1959లో డాంట్జిగ్, రామ్సర్ ప్రచురించిన వ్యాసం పెట్రోలు ట్యాంకర్ల గురించి. టెర్మినల్లో నింపుకున్న ట్యాంకర్లలో ఏది ఏ బంకులకు వెళ్తే మొత్తం తిరుగుడు తగ్గుతుందన్నది ప్రశ్న. 12 బంకులతో లెక్క చేసి చూపించారు. ఒక్క మనిషి ఊళ్లన్నీ చుట్టి ఇంటికి చేరే చిక్కు అప్పటికే ఉంది. దానికి వీళ్లు వేసిన కొత్త ముడి, బండి ఇంతకు మించి మోయదనడం. దాంతో ఏ ఊరి తరవాత ఏ ఊరు అనే కాక, ఎవరి సరుకు ఎవరి సరుకుతో కలిపి ఎక్కించాలన్నది కూడా తేల్చాల్సి వచ్చింది. వాళ్ల పద్ధతి మాత్రం ట్యాంకరు నిండడం మీదే ఎక్కువ మొగ్గింది. నిండిన బండి దగ్గర దారిలోనే వెళ్తుందని హామీ ఏముంది?

1964లో ఆ లోపాన్ని ఎత్తిచూపినవాళ్లు మాంచెస్టర్‌కు చెందిన క్లార్క్, రైట్. క్లార్క్ అక్కడి సహకార టోకు సంఘంలో పనిచేసేవాడు. వాళ్ల ఆరంభం చూస్తే దుబారా అనిపిస్తుంది: ఒక్కో కొట్టుకు ఒక్కో లారీ. తరవాత రెండు కొట్లను ఒకే ట్రిప్పులో కలిపితే ఎంత మిగులుతుందో లెక్కవేస్తారు. మొదటి కొట్టు నుంచి డిపోకు రావడం, డిపో నుంచి రెండో కొట్టుకు పోవడం తప్పుతాయి. ఆ రెండింటి నడుమ దూరం కొత్తగా చేరుతుంది.

s(i,j) = d(0,i) + d(0,j) − d(i,j)

క, గ, చ, ట అనే నాలుగు కొట్లు డిపోకు ఒకే వైపున, ఆ వరసలోనే వంపుగా ఉన్నాయనుకుందాం. డిపో నుంచి క, ట 10 కిలోమీటర్లు. గ, చ 12. కొట్ల మధ్య దూరాలు: క–గ 6, గ–చ 5, చ–ట 6, క–చ 10, గ–ట 10, క–ట 14. విడివిడిగా పోయిరావడానికి 88 కిలోమీటర్లు. ఆదాలు గ–చకు 19, క–గ, చ–టలకు చెరో 16, క–చ, గ–టలకు చెరో 12, క–టకు 6.

ఒక్కో కొట్టుకు 5 పెట్టెలు, లారీకి 15 పట్టేట్టయితే, ముందు గ–చ కలుస్తాయి. తరవాత గ పక్కన క చేరి లారీ నిండుతుంది. ట విడిగా మిగులుతుంది. 88లో 35 పోగా 53. ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి: అతుకు వేసేది ట్రిప్పు చివర ఉన్న కొట్టుకే. క–గ–చలో గ నడుమ పడిపోయింది, దాని డిపో దారులు రెండూ ఎప్పుడో పోయాయి. లారీలో చోటున్నా గ–ట ఆదా ఇక చెల్లదు.

ఇప్పుడు లారీకి 10 పెట్టెలే పడతాయనుకోండి. గ–చ కలవగానే లారీ నిండింది. మిగిలినవి రెండు చివర్లలో ఉన్న క, ట. వాటిని కలిపితే దక్కేది 6. మొత్తం 63. అదే క–గ, చ–ట అని జత చేసి ఉంటే 56. మొదట దొరికిన పెద్ద ముద్దకు ఆశపడితే చివరికి మెతుకులే మిగిలాయి. ఆ అత్యాశ జాడ కూడా అక్కడే కనిపిస్తుంది: చివరి కలయికల ఆదా చప్పున పడిపోయి, ఆఖరి లారీ చెదురుమదురు కొట్లను ఏరుకుంటూ తిరుగుతుంది.

తరవాతి చరిత్రలో చాలా భాగం, నా దృష్టిలో, ఈ 7 కిలోమీటర్లను రాబట్టే ప్రయత్నమే. 1974లో గిలెట్, మిల్లర్ ఆదాల జోలికే పోకుండా, డిపో దగ్గర నిలబడి గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతూ కొట్లను లారీకెత్తారు. ముల్లు క దగ్గర మొదలైతే 56 వస్తుంది. గ దగ్గర మొదలైతే మళ్లీ 63. అందుకే ఆరంభాన్ని మార్చి మార్చి చూడాలి. 1976లో హోమ్స్, పార్కర్ ఆదా పట్టికనే ఉంచుకుని, పై జతల్లో ఒకదాన్ని నిషేధించి లెక్క మళ్లీ నడిపారు. గ–చను కొట్టేయండి, 56 దానంతటదే వస్తుంది.

1994లో జాండ్రో, హెర్ట్స్, లాపోర్ట్ ఇంకా తెగించారు. వెతుకులాట నడుమ లారీ మీద అధిక లోడును అనుమతించి, దానికి జరిమానా వేశారు. మన 63లో క‌ను గ–చ లారీకి మార్చితే 15 పెట్టెలవుతాయి. దూరం 53 చూపిస్తుంది కానీ అది చెల్లని 53. తరవాత చ‌ను ట దగ్గరికి పంపితే లోడు సరిపోయి 56 దగ్గర నిలుస్తుంది. తప్పు మెట్టు మీద కాలు పెట్టనిస్తేనే ఆ దారి తెరుచుకుంది.

అయినా 1964 నాటి పట్టిక మూలపడలేదు. గూగుల్ ఓఆర్-టూల్స్‌లో మొదటి పరిష్కారం కట్టే పద్ధతుల్లో `SAVINGS` ఇప్పటికీ ఒకటి. మరమ్మతు పని తరవాతి వెతుకులాటది.