‘నిర్జలీకరణ’ను విప్పి చూస్తే

వేసవి వార్తలో ‘నిర్జలీకరణ’ ఎదురైతే చివరి నుంచి విప్పండి. ‘కరణ’ అంటే చేయడం. దాని ముందున్న ‘ఈ’ కీలకం: అంతకుముందు అలా లేనిది అలా మారడాన్ని అది చెబుతుంది. ఇంగ్లీషు మాటకూ అతుక్కుని ‘ప్రైవేటీకరణ’ అయిందంటే దాని సత్తా ఎంతటిదో చూడండి! మిగిలింది ‘నిర్జల’: ‘నిర్’ అంటే ‘లేని’ కాబట్టి, నీరు లేనిది. అన్నీ కలిపితే ఒంట్లో నీరు తగ్గిపోవడమన్నమాట.

‘నిర్’ మాత్రం రూపం మారుస్తుంది. ‘ర’కారం ముందు తన రేఫను వదిలేసి దీర్ఘమవుతుంది. అలా నిర్, రసం కలిసి ‘నీరసం’ అయింది. అందులో నీరు వెతికితే దారి తప్పినట్టే. ఇక ‘నిర్మాణం’లో లేమి అర్థమే లేదు; అక్కడ అది కొలవడాన్ని చెప్పే ‘మా’ ధాతువుకు ముందు చేరింది. ‘వంతెన నిర్మాణం’ అన్నచోట ‘లేని’ అనే అర్థం పొసగదు. అలాంటప్పుడు నిఘంటువు తెరవాల్సిందే.