తొలి పరిచయానికి చోటు, వేళ: కిలోమీటర్లు కాదు, ప్రయాణ కాలమే కొలమానం

మహానగరంలో ఇద్దరు తొలిసారి కలుసుకోదలచినప్పుడు పటంలో ఇద్దరి ఇళ్లకూ నడుమనున్న చోటును ఎంచుకోవడం పరిపాటి. అయితే ఆ చోటు ఇద్దరికీ సమానంగా అందుబాటులో ఉంటుందని చెప్పలేం. లెక్కించవలసింది ఇంటి గడప నుంచి కలిసే చోటు వరకు పట్టే కాలాన్ని.

హైదరాబాద్‌నే తీసుకుందాం. పెద్దలు పరిచయం చేసిన వివాహ సంబంధంలో యువతి నివాసం ఎల్.బి.నగర్, యువకుడి నివాసం హైటెక్ సిటీ అనుకుందాం. మెట్రో ఎరుపు, నీలి మార్గాలు కలిసేది అమీర్‌పేటలో కనుక అక్కడే కలుద్దామని తోస్తుంది. కానీ ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట 16వ స్టేషన్. హైటెక్ సిటీ నుంచి 8వది. స్టేషన్‌కు సుమారు 2 నిమిషాల చొప్పున ఆమెకు 32 నిమిషాలు, అతనికి 16 నిమిషాలు పడుతుంది. భారమంతా ఒకరిపైనే పడుతుంది.

అమీర్‌పేట దాటి ఎల్.బి.నగర్ వైపు రెండో స్టేషన్ ఇర్రమ్ మంజిల్. అక్కడికి ఆమె ప్రయాణం 28 నిమిషాలు. అతనికి రైలులో 20 నిమిషాలు, అమీర్‌పేటలో మార్గం మారి మరో రైలు కోసం వేచి ఉండడానికి 6, 7 నిమిషాలు. ఇద్దరికీ దాదాపు సమానమే.

స్టేషన్‌కు చేరే ఆటో లేదా నడక కాలాన్ని కూడా కలపాలి. యువతి ఇల్లు వనస్థలిపురంలో ఉండి ఆటోకు మరో 12 నిమిషాలు పడితే, ఆ తేడాలో సగం, అంటే 6 నిమిషాల మేర కలిసే చోటును ఆమె వైపు జరపాలి. లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్ల పరిసరాలు అప్పుడు అనువైనవి.

వేళ విషయంలో పని దినాల సాయంత్రం చిక్కు తెస్తుంది. హైటెక్ సిటీలో కార్యాలయాలు విడిచే సమయంలో రోడ్డు ప్రయాణం ఒకనాడు అరగంట, మరునాడు గంట పట్టవచ్చు. రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఆదివారం ఉదయం 11 గంటలు మేలు. హోటళ్లలో భోజనాల రద్దీ ఇంకా మొదలుకాదు. మాటలు సాగితే కలిసి భోజనం చేయవచ్చు. సాగకపోతే 12 గంటలకు మర్యాదగా సెలవు తీసుకోవచ్చు. తిరుగు ప్రయాణం పగటి వెలుతురులోనే ముగుస్తుంది.

స్టేషన్ పేరొక్కటే చెబితే ఇద్దరూ రోడ్డుకు చెరో వైపు దిగి వెతుక్కునే ప్రమాదముంది. హోటల్ పేరు, స్టేషన్‌లో ఏ వైపు ద్వారం అన్నవి ముందే నిర్ణయించుకోవాలి. ఇంటి నుంచి బయలుదేరినప్పటి కంటే రైలెక్కిన తరువాత పంపిన సందేశమే రాక వేళను నమ్మకంగా తెలుపుతుంది. ఎవరి తిరుగు ప్రయాణం వారే ఏర్పాటు చేసుకుని, చోటు, వేళ ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి. అత్యవసరమైతే 112 నంబరుకు ఫోన్ చేయవచ్చు.