అద్దె ఇంటికి కాళహస్తి బట్ట

"శుక్రవారం పొద్దున్నే పాలు పొంగించుకుంటున్నామే, నువ్వు తప్పకుండా రావాల" అని నా స్నేహితురాలు ఫోను చేసినప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. ఏం తీసుకెళ్ళాలి?

గృహప్రవేశానికి కానుక కొనడం ఏమంత బ్రహ్మవిద్యా అంటారు కాబోలు. సొంత ఇల్లు కట్టుకున్నవాళ్ళకైతే నిజంగానే కాదు. కానీ ఇది సొంత ఇల్లు కాదు. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, ముంగిలీ నడవా పెరడూ ఉన్న పాత ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి తను. మేమిద్దరం బి.ఏ. చదివే రోజుల్లో ఆ నడవాలోనే కూర్చుని పరీక్షలకు చదువుకునేవాళ్ళం. నిరుడు ఆ ఇల్లు అమ్మేశారు. ఎందుకమ్మారని నేను అడగలేదు, తను చెప్పలేదు. ఇప్పుడు మూడో అంతస్తులో రెండు గదుల అపార్టుమెంటు, అదీ అద్దెకు. ఇలాంటి చోటికి తీసుకెళ్ళే వస్తువు మరీ ఘనంగా ఉంటే "పాపం" అన్నట్టుంటుంది. మరీ తేలిగ్గా ఉంటే "ఈ ఇంటికిది చాల్లే" అన్నట్టుంటుంది. చూశారా చిక్కు!

వెంకటేశ్వరస్వామి పటం ఇద్దామంటే తిరుపతిలో ఆ కానుక కనీసం అరడజను వస్తుంది. గోడ గడియారమూ అంతే. పైగా ఇంటావిడ మొదటి షరతే "గోడలకు మేకులు కొట్టగూడదు" అనిట. నేల మీద పెట్టే వస్తువుకు చోటు లేదు. ఎల్లుండి ఇంకో ఇంటికి మారితే మోసుకుపోవడానికి బరువుగానూ ఉండకూడదు. ఇన్ని షరతులూ వరసగా కాగితం మీద రాసుకున్నాక తట్టింది, కాళహస్తి కలంకారీ. బట్ట కదా! చుట్టచుట్టి చంకన పెట్టుకోవచ్చు.

తిరుపతికి కాళహస్తి 40 కిలోమీటర్ల లోపే. 2022 దాకా రెండూ చిత్తూరు జిల్లాలో ఉండేవి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నాయి. బస్సులో కూర్చున్నాక నవ్వొచ్చింది నాకు. నేను రెండు గదుల ఇంటికి కొనబోయే ఈ బట్ట అసలు ఇళ్ళకోసం పుట్టిందే కాదు.

కలంకారీ అన్న పేరు పారశీకం నుంచి వచ్చింది, కలంతో చేసే పని అని అర్థం. కాళహస్తిలో దీనికి వాడుకలో ఉన్న మాట వ్రాతపని. గుళ్ళలో దేవుడి వెనక కట్టే తెరలు, రథాలకు కట్టే గుడ్డలు రాసేవారు. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా గళ్ళు, ఒక్కో గడిలో రామాయణంలోదో భారతంలోదో ఒక్కో ఘట్టం, దాని దగ్గరే తెలుగులో రెండు ముక్కలు రాత. చదువురాని వాళ్ళు బొమ్మ చూసేవారు, వచ్చినవాళ్ళు చదివి చెప్పేవారు. 19వ శతాబ్దంలో కాళహస్తిలో రాసిన అలాంటి రామాయణం తెర ఒకటి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాన్ని మన హాలు గోడకు కడితే గోడ చాలదు.

తెరలు రాయించుకునే గుళ్ళూ జమీందార్లూ తగ్గిపోయాక ఈ పనీ సన్నగిల్లింది. 20వ శతాబ్దం నడుమకు వచ్చేసరికి కాళహస్తిలో చెయ్యి తిరిగిన పనివాళ్ళు ఏ కొద్దిమందో మిగిలారు. అప్పుడు కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో, 1950ల చివర్లో, ఆ ఊళ్ళోనే శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ తయారైనవాళ్ళలో జె. గురప్పచెట్టి గారు ఒకరు. ఆయనకు 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ నేర్చుకున్నవాళ్ళు బతకాలంటే కొనేవాళ్ళుండాలి కదా. కొనేవాళ్ళు మధ్యతరగతివాళ్ళు, పట్నం ఇళ్ళవాళ్ళు. అందుకని గుడి తెర చిన్నదైంది. నూరు గళ్ళ కథలోంచి ఒక్క గడి విడిగా వచ్చి నిలబడింది. నేను బేరమాడబోయేది ఆ ఒక్క గడినే అన్నమాట.

మొదట ఎక్కిన దుకాణంలో మోసపోబోయాను. నిగనిగలాడే ఎరుపు, చక్కటి నెమళ్ళు, ధర కూడా అందుబాటులో ఉంది. డబ్బు తీయబోతూ బట్ట తిరగేసి చూశాను. వెనక్కాల తెల్లగా ఉంది! రంగు పైపైనే అతుక్కుని ఉంది. మళ్ళీ ముందుకు తిప్పి చూస్తే ఎనిమిది నెమళ్ళకూ ఎనిమిది తోకలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. చేత్తో రాస్తే అలా రావు. పెట్టేసి బయటికొచ్చాను.

తరవాత వెళ్ళింది ఒక పనివాళ్ళ ఇంటికి. వసారాలో ఒకావిడ బట్ట ఒళ్ళో పరుచుకుని రంగు నింపుతోంది. నా సంగతి విని నవ్వింది. "అది అచ్చేసింది తల్లీ, రాసింది కాదు. బందరు దిక్కు కూడా అచ్చులతో వేస్తారు, అదొక పని, మంచిదే. దాన్ని రాసిందని చెప్పి అమ్మితేనే తప్పు" అంది. తర్వాత చేతిలో కలం చూపించింది. కొస చెక్కిన వెదురుపుల్ల, దానికి కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించి కట్టారు. ఉన్ని రంగు పీల్చుకుని ఉంటుంది. వేళ్ళతో కొంచెం నొక్కితే కొసలోకి దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, పడితే ఇక పోదు.

బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండేస్తారు. పాలెందుకంటే, అందులోని కొవ్వు రంగును పాకనివ్వదు, గీత గీసినచోటే నిలుస్తుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుని, దాని మీద నల్లరంగుతో కలం నడుపుతారు. ఆ నల్లరంగు ఏమిటనుకుంటున్నారు? తుప్పుపట్టిన ఇనపముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి దాదాపు మూడు వారాలు ఊరబెట్టిన ద్రవం! సీసాలో చూస్తే అంత నలుపుగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్ట తగలగానే నల్లబడుతుంది. నేను చూస్తుండగానే దేవకన్నె కనుబొమ్మ అలా నల్లబడింది.

ఎరుపు ఇంకా చిత్రం. ఎర్రగా ఉండాల్సిన చోటల్లా పటిక నీళ్ళు పూస్తారు, ఎరుపు కాదు. ఆరాక పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ గానీ చిరివేరు గానీ వేసిన నీళ్ళలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. పారే నీళ్ళే ఎందుకంటే, నిలవ నీళ్ళలో ముంచితే వదిలిన పటిక పక్కకు పోయి అంటుకుంటుంది, తరవాత అక్కడా ఎర్రమచ్చ తేలుతుంది. అందుకే ఈ పని సువర్ణముఖి ఒడ్డున పెరిగింది. "ఏటిలో నీళ్ళుంటేనమ్మా ఉతుకు. లేని నెలల్లో బోరు నీళ్ళు పారించుకోవాల" అంది ఆవిడ. పసుపూ, నీలిమందుతో నీలమూ చివరికి వస్తాయి. పాతకాలం పద్ధతిలో దేవుళ్ళకు నీలం, ఆడవాళ్ళకు పసుపు, రాక్షసులకు ఎరుపూ ఆకుపచ్చా. ఇంత తతంగం జరిగిన బట్ట కాబట్టే వెనక తిప్పినా గీత కనపడుతుంది, కొత్తలో దగ్గర పెట్టుకుంటే పాలవాసన వేస్తుంది. తడి చేతిరుమాలు కొసతో మెల్లిగా అద్దితే రంగు దిగకూడదు. ఈ మూడూ చూసుకున్నాను.

ఆవిడ నాలుగైదు బట్టలు పరిచింది. ఒకటి చూడగానే ప్రాణం లేచివచ్చింది. పంచవటిలో పర్ణశాల! లక్ష్మణుడు కట్టిన చిన్న పాక ముందు సీతారాములు, పక్కన లేళ్ళు. చిన్న ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి అనుకుని "ఇది కట్టండి" అన్నాను కూడా. అనగానే మనసులో ముల్లు గుచ్చుకుంది. రాజభవనం పోగొట్టుకుని అడవికి వచ్చినవాళ్ళ ఇల్లు కదా ఇది! నడవా ఇల్లు పోయిన మనిషికి రోజూ కళ్ళెదుట ఇది వేలాడదీస్తానా? "వద్దులెండి" అని పక్కన పెట్టించి, చెట్టు బొమ్మ ఉన్నది తీసుకున్నాను. కొమ్మకొమ్మకూ పిట్టలు, ఏ రెండు పిట్టలూ ఒక్కలా లేవు. రెండున్నర అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల పొడుగు. తన ముందుగదిలో కిటికీ పక్క గోడ మూడడుగులుందని ముందే అడిగి తెలుసుకున్నాను లెండి.

మడవకుండా అట్టగొట్టానికి చుట్టించాను. మడతపెడితే ఆ వారగా రంగు అరిగి గీత తేలుతుంది. పైఅంచు వెనక్కి కుట్టి సన్నని కర్ర దూర్చడానికి వీలు చేయించాను. మేకు కొట్టనక్కర్లేదు, పాత అద్దెవాళ్ళు వదిలిన కొక్కేనికి తాడుతో తగిలిస్తే చాలు. ఎండ నేరుగా పడకూడదు, రంగులు వెలుస్తాయి. వంటింటి ఆవిరీ తగలకూడదు. మాసిందని సబ్బుపెట్టి ఉతకొద్దు, చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి నీడలో ఆరేస్తే చాలు. ఇదంతా ఒక చీటీ మీద రాసి లోపల పెట్టాను.

శుక్రవారం పాలు పొంగాయి. గాస్ స్టవ్ మీద పొంగినా పొంగు పొంగే. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక తను చుట్ట విప్పింది. చాలాసేపు పిట్టల్ని చూసి, "కాళహస్తి పోయినావా దీనికోసం?" అంది.

"పోయినాను. పర్ణశాల బొమ్మ కూడా ఉండింది" అని నోరు జారాను.

తను నా మొహం చూసింది. ఎందుకు తేలేదో అడగలేదు. కాసేపాగి, "పిచ్చిదానా, అదే తేవాల్సింది. పర్ణశాలలో ఉన్నన్నాళ్ళూ సీతమ్మకేం తక్కువైంది? లేళ్ళు కూడా వచ్చేవి" అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. ఆ లేళ్ళతోనే కదా అసలు కథ మొదలయిందని గుర్తొచ్చి ఇంకా నవ్వాం. తన ఇల్లు అమ్మిన తర్వాత మేమిద్దరం అలా నవ్వడం అదే మొదలు.

చెట్టును కొక్కేనికి తగిలించాం. గోడకు రెండు పక్కలా మూడేసి వేళ్ళ చోటు మిగిలింది. తను ఆ చీటీ చదివి, కిటికీ రెక్క ఒకటి మూసేసింది.