మట్టి రేణువుల విశిష్ట గురుత్వం, శూన్య నిష్పత్తి: గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది నిలిచింది రాతినేల మీద కాదు, నది తెచ్చి పరచిన ఇసుక మీద. లోతు తెలియని ఇసుకలో పునాదిని ఎలా నిలపాలో కావేరి మీది ప్రాచీన నిర్మాణాలను చూసి నేర్చుకున్నామని ఆర్థర్ కాటన్ స్వయంగా అంగీకరించాడు. ఇసుక రేణువుల మధ్య ఖాళీలుంటాయనీ, వాటి గుండా నీరు పారుతుందనీ ఆనాటి ఇంజనీర్లకు తెలుసు. అయితే ఆ ఖాళీ ఎంత అనే ప్రశ్నకు వారి దగ్గర అంకె లేదు, అనుభవమే ఉంది. ఆ అంకె ఎలా వచ్చిందో, అది దేని మీద ఆధారపడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1925లో కార్ల్ టెర్జాగీ వియన్నాలో ప్రచురించిన గ్రంథంతో మృత్తికాయాంత్రిక శాస్త్రం ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకుంది. అందులో శూన్య నిష్పత్తికి కీలక స్థానం దక్కింది. మట్టిలోని ఖాళీల ఘనపరిమాణాన్ని రేణువుల ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేదే శూన్య నిష్పత్తి. మట్టి మీద భారం పడినప్పుడు రేణువులు దాదాపు మారవు, తగ్గేది ఖాళీయే. అందుకే మార్పును రేణువులతో పోల్చి చెప్పడం సౌకర్యం. కాని ఖాళీని నేరుగా కొలవలేము. పొడి మట్టి సాంద్రతను, రేణువుల విశిష్ట గురుత్వాన్ని కొలిచి, వాటి నుండి దాన్ని రాబట్టాలి:

e = (G × ρw / ρd) − 1

ఇందులో G విశిష్ట గురుత్వం, ρw నీటి సాంద్రత, ρd పొడి సాంద్రత.

G కొలిచే పద్ధతిలోని మూలసూత్రం పాతదే. పదకొండవ శతాబ్దిలో అల్‌ బిరూనీ రత్నాలను, లోహాలను ఒక పాత్రలోని నీటిలో వేసి, బయటికి పొర్లిన నీటిని తూచాడు. నేటి పిక్నోమీటర్ చేసేదీ ఆ పనే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2720 మూడవ భాగం ప్రకారం బంకమట్టి వంటి సన్నని మట్టికి చిన్న సాంద్రత సీసాను వాడతారు. ముందు ఖాళీ సీసాను, తర్వాత ఓవెన్‌లో ఆరబెట్టిన మట్టితో సీసాను తూస్తారు. మట్టి మునిగేలా స్వేదజలం పోసి, బుడగలు రావడం ఆగేవరకు శూన్యపీడనంలో ఉంచుతారు. అప్పుడు సీసాను నీటితో నింపి, నిర్ణీత ఉష్ణోగ్రతకు తెచ్చి తూస్తారు. చివరిగా మట్టి లేకుండా, అదే ఉష్ణోగ్రత గల నీటితో నింపి తూస్తారు.

డెల్టా దిగువన నది పరిచిన మెత్తని బంకమట్టిని తలపించే ఒక ఊహాత్మక నమూనాను తీసుకుందాం. పొడి మట్టి 10.00 గ్రాములు. నీటితో నిండిన సీసా బరువు 77.80 గ్రాములు, మట్టి, నీరు కలిసిన సీసా బరువు 84.10 గ్రాములు. రేణువులు తొలగించిన నీరు 77.80 + 10.00 − 84.10 = 3.70 గ్రాములు. కనుక G 2.70. ఇప్పుడు మట్టిలో 0.15 మిల్లీలీటర్ల గాలి చిక్కుకుపోయిందనుకుందాం. అంటే సుమారు మూడు నీటిచుక్కలంత. సీసా 83.95 గ్రాములే తూగుతుంది, తొలగిన నీరు 3.85 గ్రాములవుతుంది, G 2.60కి పడిపోతుంది.

క్షేత్రంలో అదే మట్టి పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.22 గ్రాములు, తేమ 45 శాతం అనుకుందాం. G 2.70 అయితే శూన్య నిష్పత్తి 1.21. G 2.60 అయితే 1.13. సీసాలోని కాస్త గాలి వల్ల కాగితం మీద నేల ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. శూన్య నిష్పత్తి ఆధారంగా కాలువగట్టు కుంగుదలను అంచనా వేసే అనుభవ సూత్రాలు వాడితే, ఆ అంచనా కూడా తగ్గుతుంది.

ఈ దోషాన్ని పట్టుకునే దారి అదే లెక్కలో ఉంది. తేమను G తో హెచ్చించి, శూన్య నిష్పత్తితో భాగిస్తే ఖాళీల్లో నీటి వాటా తెలుస్తుంది. మొదటి విలువతో అది నూరు శాతం. భూగర్భజల మట్టానికి దిగువనున్న మట్టికి ఇది సహజం. రెండో విలువతో 103 శాతం దాటుతుంది. ఉన్న ఖాళీకి మించి నీరు ఉండదు కనుక ఏదో ఒక కొలత తప్పు. తేమ, పొడి సాంద్రతలను మళ్ళీ సరిచూసి, అవి సరైనవైతే సీసాను అనుమానించాలి. ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. నీటితో పూర్తిగా నిండని మట్టిలో అదే దోషం నూరు శాతం లోపలే దాగిపోతుంది.

ఇసుకకు 2.65 అని ముందే అనుకొని పరీక్షను వదిలేసే అలవాటు క్వార్ట్జ్ ఇసుక విషయంలో పెద్దగా హాని చేయదు. సముద్రతీరానికి వచ్చేసరికి ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు కలిసిన ఇసుక కనిపిస్తుంది. అక్కడ నిజమైన G ఇంకా ఎక్కువ కనుక, 2.65తో వేసిన లెక్క ఖాళీని తక్కువ చేసి చూపుతుంది.

కాటన్ కాలంలో ఇసుకను అనుభవంతో అంచనా వేశారు. ఆ తర్వాతి శతాబ్దం ఆ అంచనాకు సూత్రాన్నిచ్చింది. ఆ సూత్రం ఇచ్చే అంకె మాత్రం బుడగలు ఆగేవరకు వేచి ఉండే ప్రయోగశాల ఓర్పు మీదే ఆధారపడి ఉంది.