అత్యవసర టాక్‌టైం అప్పు: తర్వాతి రీఛార్జిలో బ్యాలెన్సు ఎందుకు తగ్గుతుంది?

ప్రీపెయిడ్ ఫోనులో డబ్బు పూర్తిగా అయిపోయినప్పుడు, అంగడికి వెళ్లే వీలు లేని వేళ, కంపెనీయే కొద్దిపాటి మాట్లాడే విలువను ముందుగా ఇచ్చి తర్వాత రాబట్టుకొనే ఏర్పాటును టాక్‌టైం అప్పు అంటారు. వొడాఫోన్ దీనిని ఛోటా క్రెడిట్ అనే పేరుతో నడిపింది. ఇతర కంపెనీలు టాక్‌టైం లోన్ అనీ, అడ్వాన్సు అనీ పిలిచాయి. పేరు ఏదైనా పద్ధతి ఒక్కటే.

కెలవరపల్లి, బాగలూరు, హోసూరు పరిసరాల పల్లెల్లో ఈ అప్పు గురించి వచ్చే తగాదా కూడా ఒక్కటే. నూరు రూపాయలు ఇచ్చి రీఛార్జి చేయించుకున్న మనిషికి డెబ్భై రూపాయలైనా కనిపించవు. తప్పు అంగడివాడిదని కొందరు, అప్పుకు కంపెనీ ముప్పై రూపాయల వడ్డీ వేసిందని కొందరు అనుకుంటారు. నిజానికి ఆ తగ్గుదలలో అప్పు వాటా ఎంత, అప్పుతో సంబంధం లేని కోత ఎంత అన్నది విడదీసి చూస్తేనే లెక్క తేలుతుంది. ఆ లెక్కను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అప్పు ఎలా పుడుతుంది?

నక్షత్రం గుర్తుతో మొదలై # గుర్తుతో ముగిసే ఒక సంఖ్యను నొక్కినా, నిర్ణీత సంఖ్యకు సందేశం పంపినా అభ్యర్థన కంపెనీ కంప్యూటరుకు చేరుతుంది. అది అక్కడికక్కడే కొన్ని విషయాలు చూస్తుంది. ఈ సిమ్ము ఎంత కాలంగా వాడుకలో ఉంది? క్రమంగా రీఛార్జి జరుగుతున్నదా? ఇప్పుడు మిగిలిన డబ్బు నిజంగానే తక్కువగా ఉందా? పాత అప్పు ఏదైనా తీరకుండా ఉందా? కొత్తగా కొన్న సిమ్ముకు అప్పు పుట్టకపోవడానికీ, ఒక అప్పు తీరకముందే మరొకటి దొరకకపోవడానికీ కారణం ఇదే. పత్రాలు లేవు, హామీ లేదు. మీరు మళ్లీ రీఛార్జి చేస్తారన్న నమ్మకమే కంపెనీకి హామీ.

అర్హత ఉంటే, ఉదాహరణకు పది రూపాయల విలువ జమ అవుతుంది. అదే సమయంలో మీ సంఖ్య ఎదుట బాకీ నమోదవుతుంది. ఈ సేవకు రుసుము ఉంటుంది. దానిని తీసుకొనే తీరులు రెండు. కొన్ని సేవలలో రుసుమును ముందే పట్టుకొని, పది రూపాయల అప్పు అని చెప్పి అంతకన్నా తక్కువ జమ చేస్తారు. మరికొన్నింటిలో పది రూపాయలు పూర్తిగా ఇచ్చి, రాబట్టేటప్పుడు రుసుము కలుపుతారు. పది ఇచ్చి పదమూడు రాబట్టడం ఈ రెండవ తీరుకు ఉదాహరణ. కింది లెక్కకు దీనినే తీసుకుందాం.

ఎలా రాబట్టుకుంటారు?

మీరు రీఛార్జి చేసిన వెంటనే రెండు పనులు ఒకదాని వెనుక ఒకటి జరుగుతాయి. మొదట, కొన్న వోచరుకు తగిన టాక్‌టైం మీ ప్రధాన ఖాతాలో పడుతుంది. ఆ సంగతి తెలిసిన అప్పుల వ్యవస్థ వెంటనే తన బాకీని ఆ ఖాతా నుంచి తీసుకుంటుంది. ఈ రెండింటికీ వేర్వేరు సందేశాలు రావచ్చు. మొదటి సందేశంలో ఎక్కువ మొత్తం కనిపించి, బ్యాలెన్సు చూస్తే తక్కువ ఉండడానికి కారణం ఇదే. అంగడివాడు పంపిన రీఛార్జి సరిగానే చేరింది. కోత ఆ తర్వాత జరిగింది. అతని కమీషను మీ టాక్‌టైం నుంచి తీసేది కాదు, కంపెనీ అతనికి వేరుగా ఇచ్చేది.

అప్పు లేకున్నా జరిగే కోత

టాపప్ వోచరుపై ముద్రించిన ధరలో పన్ను కలిసే ఉంటుంది. 2017 జులై 1 నుంచి అది పద్దెనిమిది శాతం జీఎస్టీ. అంటే నూరు రూపాయలలో అసలు విలువ 84.75, పన్ను 15.25. దీనికి తోడు ప్రాసెసింగు రుసుము ఒకటి ఉంది. వోచరు ధరలో పదో వంతు, లేదా మూడు రూపాయలు, ఏది తక్కువైతే అది తీసుకుంటారు. కనుక నూరు రూపాయల టాపప్‌కు 81.75, పది రూపాయల టాపప్‌కు 7.47 టాక్‌టైం వస్తుంది. అప్పు ఏనాడూ తీసుకోని వారికైనా ఇంతే.

పాత రోజులతో పోల్చుకొనేవారు ఇది గమనించాలి. 2014లో సేవాపన్ను 12.36 శాతమే గనుక, మూడు రూపాయల రుసుము పోను నూటికి 86 రూపాయలు దక్కేవి. పండుగల నాడు ఇచ్చిన ఫుల్ టాక్‌టైం ఆఫర్లలో పన్ను, రుసుముల భారం కనిపించేది కాదు. ఆ జ్ఞాపకంతో నేటి బ్యాలెన్సును చూసేవారికి తగ్గుదల మరింత పెద్దదిగా తోస్తుంది.

ఒక లెక్క

కెలవరపల్లిలో ఒక అవ్వ ఫోనులో పది రూపాయల అప్పు ఉందనుకుందాం. రుసుముతో బాకీ 13. మనవడు హోసూరులో నూరు రూపాయల టాపప్ చేయించాడు. వచ్చిన టాక్‌టైం 81.75. బాకీ పోగా మిగిలింది 68.75. నూటికి లోటు 31.25. అది ఇలా విడిపోతుంది.

- పన్ను: 15.25
- ప్రాసెసింగు రుసుము: 3.00
- ముందే మాట్లాడి వాడుకున్న అప్పు: 10.00
- అప్పు రుసుము: 3.00

ముప్పై ఒక్క రూపాయల చిల్లరలో అప్పు తీసుకున్నందుకు పడిన భారం మూడు రూపాయలే. అలాగని అది చిన్నదీ కాదు. నాలుగు రోజుల కోసం పదికి మూడు అంటే మూలంలో ముప్పై శాతం. పైగా బాకీ తీరేది టాక్‌టైంతో, ఆ టాక్‌టైంను మీరు పన్ను కట్టి కొంటారు. చిన్న టాపప్‌లతో పది రూపాయల టాక్‌టైం కొనాలంటే సుమారు 13.40, పదమూడు రూపాయల టాక్‌టైం కొనాలంటే సుమారు 17.40 చెల్లించాలి. అంటే మూడు రూపాయల రుసుము మీ చేతి నుంచి నాలుగు రూపాయలుగా పోతుంది. ఇదే పని నెలకు నాలుగు సార్లు జరిగితే పదహారు రూపాయలు.

అదే అవ్వ ఫోనుకు మనవడు నూటికి బదులు పది రూపాయల టాపప్ చేయించి ఉంటే ఏమవుతుంది? వచ్చేది 7.47. బాకీ 13. ఉన్నదంతా బాకీ కిందకే పోయి బ్యాలెన్సు సున్నా చూపుతుంది, ఇంకా 5.53 బాకీ నిలుస్తుంది. “రీఛార్జి పడలేదు” అనే ఫిర్యాదుకు ఇది ఒక ముఖ్య కారణం. మరుసటి రోజు ఇరవై రూపాయల టాపప్ చేస్తే 14.95 వచ్చి, మిగిలిన బాకీ పోగా 9.42 కనిపిస్తుంది.

కనిపించకుండా నిలిచే బాకీ

అపరిమిత కాల్సు, డేటా ఇచ్చే ప్యాకులు సాధారణంగా ప్రధాన ఖాతాలో డబ్బు వేయవు. నిమిషాలను, డేటాను వేరుగా ఇస్తాయి. కోసుకోవడానికి రూపాయి లేకపోతే బాకీ తీరదు, ప్యాకు మాత్రం మామూలుగా పనిచేస్తుంది. నెలల తర్వాత ఎప్పుడో విదేశంలో ఉన్న కొడుకుకు ఫోను చేయడానికి పది రూపాయల టాపప్ చేసినప్పుడు అది మాయమవుతుంది. ఇంట్లో ఎవరూ అప్పు తీసుకున్నట్టు గుర్తుండదు.

ఎవరూ గుర్తించకుండా అప్పు పుట్టే దారి కూడా ఒకటి ఉంది. బ్యాలెన్సు అయిపోగానే తెరపై మెరిసే సందేశానికి పిల్లలో పెద్దలో తెలియక సమ్మతి నొక్కడం. ఇలాంటి విలువ ఆధారిత సేవలకు రెండుసార్లు స్పష్టమైన అంగీకారం తీసుకోవాలని ట్రాయ్ 2013 జులైలో ఆదేశించింది.

మన సరిహద్దు సంగతి

హోసూరులో కొన్న సిమ్ము తమిళనాడు సర్కిలుది, అత్తిబెలెలో కొన్నది కర్ణాటక సర్కిలుది, కుప్పంలో కొన్నది ఆంధ్ర సర్కిలుది. పొలం గట్టున నిలబడితే పక్క రాష్ట్రపు టవరు అందే ఊళ్లలో తమిళనాడు సిమ్ము రోమింగులో పడేది. 2013 జులై నుంచి 2015 ఏప్రిల్ వరకు రోమింగులో వచ్చే పిలుపుకు నిమిషానికి గరిష్ఠ ధర 75 పైసలు. పది రూపాయల అప్పు కేవలం పిలుపు అందుకున్నందుకే పదమూడు నిమిషాలలో కరిగిపోగలిగేది, బాకీ మాత్రం పూర్తిగా మిగిలేది. నేటి అపరిమిత ప్యాకులలో చాలావాటికి దేశంలో రోమింగు చింత లేదు.

నోటుపుస్తకంలో రాసి ఉంచుకున్న పాత అప్పు సంఖ్యలను నమ్ముకోకండి. ఎయిర్‌సెల్ సేవలు 2018లో ఆగిపోయాయి, వొడాఫోన్, ఐడియా అదే ఏడాది విలీనమయ్యాయి. ఆ తర్వాత అప్పు రూపం కూడా మారింది. 2021 జులైలో జియో ప్రవేశపెట్టిన అత్యవసర డేటా అప్పులో ఒక జీబీ పదకొండు రూపాయల చొప్పున ఐదు సార్ల వరకు ఇచ్చి, బాకీని మైజియోలో చెల్లించే ఏర్పాటు చేశారు. అది మాట్లాడే విలువ కాదు, డేటా మాత్రమే.

అనుమానం వస్తే

రీఛార్జికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బ్యాలెన్సు చూసి రాసుకోండి. టాపప్ చేసిన తర్వాత వచ్చే సందేశంలో వోచరు ధర, పన్ను, రుసుము, దక్కిన టాక్‌టైం చెప్పాలని 2012 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనలు నిర్దేశించాయి. ఆ సందేశాన్ని చెరిపివేయకండి. అందులోని టాక్‌టైం నుంచి ఇప్పుడున్న బ్యాలెన్సును తీసివేయండి. మొదట సున్నా ఉండి, మధ్యలో ఫోను చేయకపోతే, తేలిన తేడాయే రాబట్టిన బాకీ. అది 13 వంటి అప్పు మొత్తానికి సరిపోతే లెక్క తీరినట్టే. సరిపోకపోతే, లేదా ప్రతి వారం ఒకే మొత్తం తగ్గుతుంటే, అది అప్పు కాదు, ఏదో చందా సేవ అయి ఉండవచ్చు.

అప్పుడు 198కి ఫోను చేసి, ఏ తేదీన, ఎంత, దేని కింద తగ్గించారో అడిగి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. జవాబు తృప్తికరంగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవించవచ్చు. ప్రీపెయిడ్ వాడకానికి కూడా వివరమైన పట్టీ కోరే హక్కు ఉంది. దానికి యాభై రూపాయలకు మించి తీసుకోరాదు. ఆరు నెలలకు ముందటి వివరాలు మాత్రం దొరకవు కనుక, అడగవలసింది ఆ లోపలే.