హిస్టెరిసిస్ గల కంపారేటర్

హిస్టెరిసిస్ గల కంపారేటర్ అనగా నిర్గమంలోని కొంత భాగాన్ని ధన ఫీడ్‌బ్యాక్ ద్వారా తిరిగి తన నివేశానికే అందించుకొని, ఒకే పోలిక వోల్టేజికి బదులు రెండు పోలిక వోల్టేజిల వద్ద స్థితి మార్చుకొనే ఎలక్ట్రానిక్ వలయం. నివేశ వోల్టేజి పెరుగుతున్నపుడు అది స్థితి మార్చే విలువను ఎగువ అవధి అనీ, తగ్గుతున్నపుడు స్థితి మార్చే విలువను దిగువ అవధి అనీ అంటారు. ఈ రెండింటి మధ్య గల తేడాయే హిస్టెరిసిస్ వెడల్పు. ఈ వలయానికి ష్మిట్ ట్రిగ్గర్ అనే పేరు ఎక్కువ ప్రచారంలో ఉంది. అమెరికా శాస్త్రవేత్త ఆటో ష్మిట్ 1934లో, ఇంకా పరిశోధక విద్యార్థిగా ఉన్నపుడే, దీనిని వాక్యూం ట్యూబులతో నిర్మించి, 1938లో ప్రచురించాడు. నాడుల్లో ప్రేరణలు ప్రసరించే తీరును అధ్యయనం చేస్తుండగా ఆయనకు ఈ ఆలోచన కలిగింది.

హిస్టెరిసిస్ అనే మాటకు గ్రీకు మూలంలో వెనుకబడుట అని అర్థం. ఇనుము అయస్కాంతీకరణంలో కనబడే వెనుకబాటుకు 19వ శతాబ్దం చివరి భాగంలో స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ ఆల్‌ఫ్రెడ్ ఈవింగ్ ఆ పేరు పెట్టాడు. ఎలక్ట్రానిక్స్ దానిని అక్కడి నుండి తీసుకొంది.

## సాధారణ కంపారేటర్‌తో వచ్చే చిక్కు

కంపారేటర్‌కు రెండు నివేశాలుంటాయి. అవిలోమ నివేశం (+) వద్ద వోల్టేజి ఎక్కువగా ఉంటే నిర్గమం హెచ్చు స్థితిలోనూ, విలోమ నివేశం (−) వద్ద ఎక్కువగా ఉంటే తక్కువ స్థితిలోనూ ఉంటుంది. ఒక మిల్లీవోల్టు తేడా వచ్చినా నిర్గమం పూర్తిగా అటో ఇటో మారిపోతుంది. నివేశం నెమ్మదిగా మారుతూ, దానిమీద కొంత రొద కూడా ఉన్నపుడు ఈ సున్నితత్వమే దోషమవుతుంది.

సాయంకాలం వీధిదీపాన్ని తనంతట తానే వెలిగించే వలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఎల్.డి.ఆర్. అని పిలిచే కాంతి నిరోధకాన్ని 5 వోల్టుల సరఫరాకూ, దాని దిగువన ఒక స్థిర నిరోధకాన్ని గ్రౌండుకూ కలిపితే, రెండూ కలిసే బిందువు వద్ద వోల్టేజి వెలుతురుతో పాటు పెరుగుతుంది, చీకటితో పాటు తగ్గుతుంది. సంధ్యవేళ ఆ వోల్టేజి నిమిషానికి 20 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతున్నదనీ, పొడవైన తీగల వలన దానిమీద 50 హెర్ట్జ్‌ల కరెంటు రొద ఇరువైపులా 20 మిల్లీవోల్టుల చొప్పున చేరిందనీ అనుకుందాం. పోలిక వోల్టేజి 2.5 వోల్టులు అయితే, సగటు వోల్టేజి 2.52 నుండి 2.48కి దిగే 2 నిమిషాల పాటు రొద ప్రతి ఆవర్తనంలోనూ పోలిక విలువను రెండు సార్లు దాటుతుంది. సెకనుకు 100 సార్లు, 120 సెకన్లకు 12,000 సార్లు! దీపాన్ని నడిపే రిలే ఆ రెండు నిమిషాలూ గరగరమని మోగుతుంది. దాని స్పర్శ బిందువులు నిప్పురవ్వలకు త్వరగా కాలిపోతాయి.

## ధన ఫీడ్‌బ్యాక్ చేసే పని

ఈ చిక్కును తొలగించడానికి మూడు నిరోధకాలు చాలు. సరఫరా VCC నుండి + నివేశానికి R1, + నివేశం నుండి గ్రౌండుకు R2, నిర్గమం నుండి + నివేశానికి R3 కలపాలి. కాంతి నిరోధకం నుండి వచ్చే వోల్టేజిని − నివేశానికి ఇవ్వాలి.

నిర్గమం హెచ్చుగా ఉన్నపుడు R3 గుండా + నివేశం కొంచెం పైకి లాగబడుతుంది. తక్కువగా ఉన్నపుడు కొంచెం కిందికి లాగబడుతుంది. అంటే పోలిక వోల్టేజి స్థిరంగా ఉండక నిర్గమాన్ని అనుసరించి జరుగుతుంది. నివేశం పెరుగుతూ పోలిక విలువను దాటగానే నిర్గమం దిగడం మొదలవుతుంది. అది దిగిన కొద్దీ పోలిక విలువ కూడా దిగుతుంది. దానితో నివేశం మరింత ఎక్కువైనట్లవుతుంది. నిర్గమం ఇంకా వేగంగా దిగుతుంది. ఒకసారి మొదలైన మార్పు మధ్యలో ఆగే వీలు లేదు. మార్పు పూర్తయ్యాక పోలిక విలువ దూరంగా జరిగిపోయి ఉంటుంది గనుక చిన్న రొద దానిని మళ్ళీ అందుకోలేదు.

## అవధులను కనుగొనుట

విద్యార్థులు తరచు తడబడేది ఇక్కడే. నివేశం మారుతుంటే నిర్గమం మారుతుంది, నిర్గమం మారితే పోలిక విలువ మారుతుంది. మరి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి అని సందేహం. నిర్గమానికి నిలకడైన స్థితులు రెండే. కాబట్టి ఒక్కొక్క స్థితిని స్థిరమని భావించి, ఆ స్థితిలో + నివేశం వద్ద వోల్టేజి ఎంతో కనుగొంటే అదే ఆ స్థితిని విడిచే అవధి అవుతుంది. − నివేశం దానికి సమానమైన క్షణంలోనే మార్పు మొదలవుతుంది.

R1, R2 లను కలిపి థెవెనిన్ సూత్రం ప్రకారం V0 వోల్టేజి, R12 నిరోధం గల ఒకే జనకంగా రాసుకుంటే లెక్క సులభం. నిర్గమ వోల్టేజి Vo అయినపుడు + నివేశం వద్ద వోల్టేజి Vp:

```
V0  = VCC·R2 / (R1 + R2)
R12 = R1·R2 / (R1 + R2)
Vp  = (V0·R3 + Vo·R12) / (R3 + R12)
```

Vo స్థానంలో హెచ్చు స్థితి వోల్టేజి వేస్తే ఎగువ అవధి VH, తక్కువ స్థితి వోల్టేజి వేస్తే దిగువ అవధి VL వస్తాయి. రెండింటి తేడా:

```
VH - VL = (Vo(హెచ్చు) - Vo(తక్కువ))·R12 / (R3 + R12)
```

R1 = R2 = 10 కిలో ఓమ్‌లు, R3 = 100 కిలో ఓమ్‌లు, VCC = 5 వోల్టులు అనుకుందాం. అపుడు V0 = 2.5 వోల్టులు, R12 = 5 కిలో ఓమ్‌లు. నిర్గమం సరిగా 0 నుండి 5 వోల్టుల వరకు కదులుతుందనుకుంటే VL = 2.381, VH = 2.619 వోల్టులు, వెడల్పు 0.238 వోల్టులు. పాఠ్యపుస్తకాలలో లెక్క సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. కాని బల్లమీద కట్టిన వలయం సరిగ్గా ఈ విలువలు చూపదు.

అంగడిలో సులభంగా దొరికే ఎల్.ఎం.393 కంపారేటర్ నిర్గమం ఓపెన్ కలెక్టర్ రకానికి చెందినది. అది నిర్గమాన్ని గ్రౌండుకు లాగగలదే గాని పైకి నెట్టలేదు. పైకి లాగడానికి సరఫరా నుండి వేరొక నిరోధకం, ఇక్కడ 4.7 కిలో ఓమ్‌లు, కలపాలి. నిర్గమం హెచ్చుగా ఉన్నపుడు ఫీడ్‌బ్యాక్ కరెంటు ఈ నిరోధకం గుండానే రావాలి గనుక R3 బదులు 104.7 కిలో ఓమ్‌లు వేసి, Vo స్థానంలో సరఫరా 5 వోల్టులను తీసుకోవాలి. అపుడు VH = 286.75 / 109.7 = 2.614 వోల్టులు. తక్కువ స్థితిలో నిర్గమం 0 కాక సుమారు 0.1 వోల్టు వద్ద నిలుస్తుంది గనుక VL = 2.386 వోల్టులు. అసలు వెడల్పు 0.228 వోల్టులు, అనగా 228 మిల్లీవోల్టులు.

రొద శిఖరం నుండి శిఖరం వరకు 40 మిల్లీవోల్టులే. వెడల్పు అంతకంటె చాలా ఎక్కువ గనుక రిలే ఒక్కసారే పనిచేస్తుంది. సాయంకాలం సగటు వోల్టేజి 2.406కి దిగినపుడు రొద అడుగు భాగం 2.386ను తాకి దీపం వెలుగుతుంది. దానిని ఆర్పాలంటే ఇక 2.614 రావాలి, అది మరునాటి ఉదయం వరకు రాదు. ఇందుకు మూల్యం ఆలస్యమే. సగటు వోల్టేజి 2.5 దాటిన తరువాత సుమారు 5 నిమిషాలకు గాని దీపం వెలగదు. వీధిదీపానికి ఇది లెక్కలోనిది కాదు, కొలత పరికరానికి కావచ్చు.

## కావలసిన వెడల్పుకు నిరోధకాన్ని ఎంచుకొనుట

ముందుగా రొదను కొలిచి, వెడల్పు దానికి రెండు మూడు రెట్లైనా ఉండేటట్లు నిర్ణయించుకోవాలి. నిర్గమం పూర్తి సరఫరా మేరకు కదులుతుందని భావిస్తే

```
R3 = R12·( VCC / (VH - VL) - 1 )
```

వెడల్పు 0.4 వోల్టులు కావాలంటే R3 = 57.5 కిలో ఓమ్‌లు. దగ్గరి ప్రామాణిక విలువ 56 కిలో ఓమ్‌లు వాడితే 0.41 వోల్టులు వస్తుంది. నిరోధకాల ఖచ్చితత్వాన్ని కూడా గమనించాలి. 5 శాతం రకంలో R1 అంత ఎక్కువగా, R2 అంత తక్కువగా ఉంటే V0 2.375కి జారుతుంది. 0.125 వోల్టుల ఈ జారుడు పై ఉదాహరణలోని వెడల్పులో సగానికి మించినది. అవధుల స్థానం ముఖ్యమైనచోట 1 శాతం నిరోధకాలు వాడడమే మంచిది.

## వలయం పనిచేయనపుడు

అన్ని లెక్కలూ సరిపోయినా రిలే మళ్ళీ గరగరలాడడం ప్రయోగశాలల్లో తరచు కనబడుతుంది. మొదట అనుమానించవలసినది నిర్గమానికి తగిలించిన భారాన్ని. రిలేను నడిపే ట్రాన్సిస్టరు బేసును నేరుగా కంపారేటర్ నిర్గమానికి కలిపితే, బేసు–ఎమిటర్ సంధి నిర్గమాన్ని 0.7 వోల్టుల వద్దే పట్టి ఉంచుతుంది. హెచ్చు స్థితి 4.9 వోల్టుల నుండి 0.7కు పడిపోయింది గనుక VH = 2.414 మాత్రమే అవుతుంది. వెడల్పు 28 మిల్లీవోల్టులకు కుంచించుకుపోతుంది. అది 40 మిల్లీవోల్టుల రొద కంటె తక్కువ. ట్రాన్సిస్టరు మామూలుగానే పనిచేస్తుంటుంది గనుక తప్పు కంటికి కనబడదు. హెచ్చు స్థితిలో నిర్గమ వోల్టేజిని మల్టీమీటరుతో కొలిస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. నిర్గమానికీ బేసుకూ మధ్య 10 కిలో ఓమ్‌ల నిరోధకం ఉంచితే నిర్గమం 3.6 వోల్టుల వరకు లేస్తుంది, VH 2.55కు తిరిగి చేరుతుంది.

రెండవ కారణం వలయం బయట ఉంటుంది. దీపం వెలిగినపుడు దాని వెలుతురే కాంతి నిరోధకం మీద పడి వోల్టేజిని 0.228 వోల్టుల కంటె ఎక్కువ పెంచితే, దీపం ఆరుతుంది. ఆరగానే చీకటై మళ్ళీ వెలుగుతుంది. రొద వలన వచ్చే గరగర సంధ్యవేళ కొద్దిసేపే ఉంటుంది, ఈ మిణుకు మాత్రం రాత్రంతా సాగుతుంది. రెండింటినీ వేరుచేసి గుర్తించడానికి ఇదే ఆనవాలు. కాంతి నిరోధకానికి దీపం కనబడకుండా మరుగు పెట్టడం ఉత్తమం. R3 తగ్గించి వెడల్పు పెంచవచ్చు గాని, దానితో వెలిగే సమయం మరింత వెనుకబడుతుంది.

అవధులను స్వయంగా కొలవాలంటే కాంతి నిరోధకం స్థానంలో ఒక పొటెన్షియోమీటరు అమర్చి, − నివేశ వోల్టేజిని మెల్లగా పెంచుతూ నిర్గమం పడిపోయిన విలువను, తరువాత మెల్లగా తగ్గిస్తూ నిర్గమం లేచిన విలువను రాసుకోవాలి. ఆసిలోస్కోపు ఉంటే నివేశానికి త్రిభుజాకార తరంగం ఇచ్చి, నివేశాన్ని అడ్డంగా, నిర్గమాన్ని నిలువుగా చూపితే దీర్ఘచతురస్రం వంటి ఉచ్చు కనబడుతుంది. ఈ పరీక్షకు తక్కువ పౌనఃపున్యమే వాడాలి. ఎక్కువైతే కంపారేటర్ స్పందించడానికి పట్టే కాలం కూడా కలిసి ఉచ్చు అసలు కంటె వెడల్పుగా కనబడుతుంది.

## ఇతర రూపాలు

సంకేతాన్ని + నివేశానికే ఒక నిరోధకం ద్వారా ఇచ్చి, స్థిర పోలిక వోల్టేజిని − నివేశానికి ఇస్తే అవిలోమ రూపం వస్తుంది. ఇందులో సంకేత జనకపు అంతర్నిరోధం కూడా అవధుల లెక్కలో చేరుతుంది గనుక, కాంతి నిరోధకం వంటి ఎక్కువ నిరోధం గల జనకాలకు పైన వివరించిన విలోమ రూపమే అనుకూలం. ఖచ్చితమైన అవధులు అవసరం లేని డిజిటల్ సంకేతాలకు 7414 వంటి సిద్ధంగా దొరికే ఐ.సి.లు ఉన్నాయి. ఇందులో ఆరు ష్మిట్ ట్రిగ్గర్ విలోమకాలుంటాయి. 5 వోల్టుల సరఫరాతో దాని అవధులు సుమారు 1.7, 0.9 వోల్టులు, వాటిని మార్చుకొనే వీలు లేదు.