చప్పుడు చేయని వైరస్

బ్యాక్టీరియాకి అగార్ మీద తిండి పెడితే చాలు, పెరుగుతుంది. వైరస్‌కి ప్రొటీన్లు తయారు చేసుకునే రైబోజోములే లేవు. బతికున్న కణంలో దూరి, దాని చేతే తన నకళ్లు తీయించుకోవాలి. అందుకే 1950లలో టీకా కోసం పోలియో వైరస్‌ని రీసస్ కోతి మూత్రపిండ కణాల్లో పెంచారు. అది పెరిగితే మైక్రోస్కోపులో తెలుస్తుంది: పరుచుకున్న కణాలు గుండ్రంగా ముడుచుకుని, గాజు నుంచి ఊడిపోతాయి. వైరస్ వేయని కణాలు మామూలుగా కనిపిస్తే శుభ్రమైనవే అనుకునేవారు.

1960లో స్వీట్, హిల్లెమన్ రీసస్ కణాల ద్రవాన్ని ఆఫ్రికన్ గ్రీన్ కోతి కణాల మీద వేసి చూశారు. వాటి నిండా బుడగల్లాంటి ఖాళీలు! రీసస్ కణాల్లో చడీచప్పుడు లేకుండా దాక్కున్న ఎస్‌వీ40 వైరస్ పని అది. అప్పటికే అది కలిసిన టీకా కోట్ల మందికి వెళ్లిపోయింది. కణం చెడలేదంటే వైరస్ లేదని కాదు. ఇంకో జాతి కణాన్ని కూడా అడిగి చూడాలి.